అరవై నాలుగు రావాల్సిన చోట నలభై ఆరు

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది గానీ, మా ల్యాబులో అడుగుపెట్టిన వాళ్ళకి మొదటి రోజే తెలిసిపోతుంది. వెనకాల నన్ను మిరపకాయ మేడమ్ అంటారట. అననీ. మల్కాపురంలో అయిదుగురు అన్నదమ్ముల మధ్య పెరిగినదాన్ని, నోరు లేకపోతే నాకు అన్నం కూడా మిగిలేది కాదు.

గాజువాక దాటాక ఉన్న ఒక పాలిటెక్నిక్‌లో నేను ల్యాబు చూసుకుంటాను. ఇనుమును లాగి, వంచి, నొక్కి దాని బలం ఎంతో తేల్చే ల్యాబు అది. జీతం గొప్పదేమీ కాదు. అయినా పొద్దున్నే తలుపులు తీసి, మెషీన్ల మీద గుడ్డలు లాగి, గ్రీజు వాసన పీల్చుకుంటూ ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చుంటే నా అంత సుఖపడేది ఎవరూ లేరనిపిస్తుంది. పగలు రెగ్యులర్ పిల్లలు. సాయంత్రాలూ ఆదివారాలూ పార్ట్ టైమ్ డిప్లొమా వాళ్ళు. వీళ్ళు పిల్లలు కారు. పోర్టులోనూ ఫ్యాబ్రికేషన్ యార్డుల్లోనూ పగలంతా పనిచేసి, చేతుల మీద మసి కడుక్కుని వచ్చి బెంచీల మీద కూర్చునేవాళ్ళు. కొందరు నాకంటే పెద్దవాళ్ళు.

ఆ పెద్దవాళ్ళలో ఒకాయన వెల్డరు. శ్రీకాకుళం వైపు పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. ఇరవై ఏళ్ళ క్రితం ఇక్కడికొచ్చి ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో చేరాడు. డిప్లొమా వస్తే ఆయన్ని సూపర్‌వైజర్ చేస్తామని యార్డువాళ్ళు మాటిచ్చారు. అన్ని పేపర్లూ పాసయ్యాడు. మిగిలింది మా ల్యాబు పరీక్ష ఒక్కటే. అది అప్పటికి రెండుసార్లు పోయింది. ఒకసారి యార్డులో అర్జంటు పని పడి రాలేకపోయాడు, ఒకసారి వైవాలో నోరు పెగల్లేదు. కోర్సు గడువు ఆ ఏడాదితో సరి. ఈసారి కూడా పోతే డిప్లొమా లేదు, సూపర్‌వైజరూ లేదు, చచ్చేదాకా ఆ హెల్మెట్ అద్దం వెనకాలే బతుకు. కళ్ళు మండుతున్నాయని మధ్యమధ్య చల్లనీళ్ళు కొట్టుకునేవాడు. అది చూసి నాకు జాలేసేది. జాలేసినా నోరు ఊరుకోదు కదా.

గొడవంతా ఒక్క ప్రయోగం దగ్గర వచ్చింది. సన్నని ఉక్కు పట్టీ, అరవై సెంటీమీటర్ల పొడుగు, మూడు మిల్లీమీటర్ల మందం. దాన్ని స్తంభంలా నిలబెట్టి పైనుంచి నొక్కుతూ పోతాం. కొంత బరువు దాకా అది నిటారుగానే ఉంటుంది. ఆ తర్వాత ఇనుము విరగదు, నలగదు. పక్కకి విల్లులా వంగిపోతుంది, ఇంక డయల్ మీద ముల్లు ముందుకు కదలదు. అదే బక్లింగ్ లోడు. పొడవాటి స్తంభాలు ఎక్కువగా పోయేది ఇలాగే.

చిత్రమేమిటంటే ఆ బరువు పట్టీ మీదే కాదు, దాని చివరల్ని ఎలా పట్టుకున్నామన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. రెండు చివరలూ పిన్ను మీద ఉంటే, అంటే పక్కకి జరగవు గానీ ఇష్టమొచ్చినట్టు తిరగగలవు అంటే, మా పట్టీ ముప్పై ఒక్క కిలోల దగ్గర వంగాలి. పైన పిన్ను అలాగే ఉంచి, కింద చివరని క్లాంపులో తిరగకుండా బిగిస్తే అదే పట్టీ అరవై నాలుగు కిలోలు మొయ్యాలి. రెట్టింపు పైమాట! కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మరు. అప్పుడు నేను సుద్దముక్కతో పట్టీ మీద కింద నుంచి పద్దెనిమిది సెంటీమీటర్ల దగ్గర గీత గీసి చూపిస్తాను. వంగినప్పుడు ఆ గీతకి కింద వంపు ఒకవైపు, పైన వంపు ఇంకోవైపు. పైన మిగిలిన నలభై రెండు సెంటీమీటర్లే రెండు పిన్నుల మధ్య ఉన్న పట్టీలా వంగుతుంది. అరవైలో నలభై రెండంటే పాయింట్ ఏడు. అందుకే ఈ స్తంభానికి ఎఫెక్టివ్ లెంగ్త్ ఫ్యాక్టరు పాయింట్ ఏడు అంటారు. అసలు పొడుగు అరవై అయినా లెక్కకి నలభై రెండే. మోసే బరువు ఆ లెక్క పొడుగు వర్గానికి విలోమంగా ఉంటుంది కాబట్టి పొడుగు కాస్త తగ్గినా బరువు బాగా పెరుగుతుంది. ఇది చెప్పడం నాకెంతో ఇష్టం. ఎన్నేళ్ళు చెప్పినా విసుగు పుట్టలేదు.

పరీక్షకి పదిహేను రోజుల ముందు రికార్డులు దిద్దుతున్నాను. ఆ బ్యాచ్‌లో ఇరవై మంది. పందొమ్మిది రికార్డుల్లో ఈ ప్రయోగం దగ్గర అరవై నాలుగో, అరవై మూడున్నరో ఉంది. ఎర్ర ఇంకు పెన్నుతో టకటకా సంతకాలు పెట్టుకుపోతున్నాను. ఇరవయ్యోది వెల్డరుది. నలభై ఆరు అని ఉంది. లెక్క కూడా కట్టేశాడు మహానుభావుడు, ఫ్యాక్టరు పాయింట్ ఎనిమిది మూడట.

పిలిచాను. "ఏంటిది?"

"రీడింగ్ మేడమ్."

"రీడింగని తెలుసు. అరవై నాలుగు రావాలి కదా, నలభై ఆరేంటి?"

"మూడుసార్లు సేసినాను మేడమ్. నలభయ్యారే వస్తంది."

"మీ చెయ్యి సరిగ్గా లేదు. హ్యాండిల్ గబగబా తిప్పేసుంటారు. అది కొట్టేసి అరవై నాలుగు రాసుకు రండి, సంతకం పెడతాను."

ఇరవై ఏళ్ళుగా చేతి మీద బతుకుతున్న వెల్డరుతో చెయ్యి సరిగ్గా లేదన్నాను చూడండీ, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. ఆయన మొహం కొంచెం మాడింది గానీ గొంతు లేవలేదు.

"చెయ్యి బానే ఉంది మేడమ్. రెండేపులా పిన్ను ఎట్టినపుడు ముప్పయ్యిన్నర వచ్చింది, లెక్కలో ముప్పయ్యొకటే గదా. అక్కడ సరిపోయినప్పుడు నా చెయ్యి మంచిదే గదా? కింద బిగించినప్పుడే తక్కువొస్తంది. ఆ బిగింపులోనే ఏదో ఉన్నాది."

ఎంత చక్కగా ఆలోచించాడో! వినే చెవి నాకుంటే కదా. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "ఇన్ని బ్యాచుల్లో ఎవరికీ రాని అనుమానం మీకొచ్చిందా? సంతకం లేని పేజీ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒప్పుకోరు. ప్రయోగం చెయ్యనట్టే లెక్క. మీకిది ఆఖరి ఛాన్సు, గుర్తుందా?"

"ఉంది మేడమ్" అన్నాడు. రికార్డు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. అంకె మార్చుకొచ్చాడేమో అనుకున్నాను. అదే నలభై ఆరు. నాకు ఒళ్ళు మండింది. మీ ఆవిడైనా బుద్ధి చెప్పలేదా అన్నాను.

"సెప్పింది మేడమ్. రాత్రంతా అదే గోల. మేడమ్ సెప్పినట్టు రాసీ, నీదేటి పోయింది, అంటాది. అది సెప్పింది నిజమే. నాకే చెయ్యి రాటం నేదు."

అప్పుడు కూర్చోబెట్టి అడిగాను ఎందుకని. చెప్పాడు. చాలా ఏళ్ళ క్రితం ఒక సైటులో కన్వేయరు కింద స్తంభాలు నిలబెట్టారట. డ్రాయింగులో కింద ఫిక్స్, పైన పిన్ను. నిలబెట్టిన రోజు బేస్ ప్లేటు కింద ముక్కలు పెట్టి, లెవెల్ చూసి, బోల్టులకి నట్లు చేత్తో తిప్పి వదిలేశారు. ప్లేటు కింద సిమెంటు గ్రౌటు తర్వాత పోద్దాంలే అని. అలా వదిలేయడం వాళ్ళలో మామూలే, అన్ని స్తంభాలూ ఒక వరసలోకి వచ్చాక ఒకేసారి బిగిస్తే పని తేలికని. ఈలోగా పైన గర్డరు దింపేశారు. క్రేను హుక్కు ఇంకా పూర్తిగా వదలకముందే ఒక స్తంభం వంగడం మొదలైంది.

"నా కళ్ళ ముందే మేడమ్. సప్పుడు నేదు, ఏటీ నేదు. మెల్లగా పక్కకి పోతంది. మేస్త్రీ కేకేసి హుక్కు లేపించీసినాడు. ఎవులికీ ఏటీ కాలేదు, దేవుడి దయ. ఇంజనీరు బాబు కాయితం తీసి సూపించినాడు, లెక్క కరెక్టే, కింద ఫిక్స్ అని రాసుంది అన్నాడు. కాయితం మీద రాస్తే బిగిసిపోద్దా మేడమ్?"

న్యాయం అవతలివాళ్ళ వైపు ఉంటే నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది. "సరే మీ ఇష్టం, నేను మాత్రం సంతకం పెట్టను" అని లేచిపోయాను. ఇంటికొచ్చి చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన నోరు మెదపకుండా తిన్నాడు పాపం.

పరీక్ష రోజు ఎక్స్‌టర్నల్ పొద్దున తొమ్మిదికే వచ్చేశాడు. వేరే ఊరి కాలేజీలో పెద్ద లెక్చరరు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. టీ వద్దన్నాడు, బిస్కెట్లు వద్దన్నాడు. అలాంటివాళ్ళంటే మాకు గుండె దడ. వెల్డరు రికార్డు తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు.

"సంతకం లేదేమ్మా?"

"వేల్యూ తప్పండి. దిద్దుకు రమ్మన్నాను, దిద్దలేదు."

ఆయన వెల్డరు వైపు కళ్ళెత్తాడు. "ఏమయ్యా, ఇంతమందికి అరవై నాలుగు వస్తే నీకు నలభై ఆరెలా వచ్చింది?"

"వచ్చిందే రాసినాను సార్."

"అయితే చేసి చూపించు. రాకపోతే మాత్రం నేనేం చెయ్యలేను."

నిజం చెప్తాను, ఆ నిమిషంలో వెల్డరుకి అరవై నాలుగు రావాలని నేను కోరుకోలేదు. నలభై ఆరే రావాలి తండ్రీ అని లోపల ప్రార్థన చేసుకున్నాను. ఆయన్ని పదిహేను రోజులు కాల్చుకు తిన్నదాన్ని నేనే, ఇప్పుడు ఆయన కోసం ప్రార్థన కూడా నేనే. మనిషి బుద్ధి ఎంత విచిత్రమో.

వెల్డరు ముందు రెండు చివరలూ పిన్ను మీద పెట్టాడు. హ్యాండిల్ ఎంత నెమ్మదిగా తిప్పాడంటే, నేనే ఎవరికీ అంత ఓపికగా చూపించలేదు. ముప్పైన్నర దగ్గర పట్టీ వంగింది. తర్వాత కింద చివర క్లాంపులో పెట్టి రెండు బోల్టులూ బిగించాడు. పైన పిన్ను. మళ్ళీ తిప్పాడు. ముప్పై, నలభై, నలభై అయిదు... నలభై ఆరు దగ్గర ముల్లు ఆగిపోయింది, పట్టీ పక్కకి వంగింది. ఎక్స్‌టర్నల్ తనే వచ్చి హ్యాండిల్ పట్టుకుని ఇంకోసారి తిప్పాడు. నలభై ఆరే.

"ఎందుకు?" అన్నాడు ఈసారి గొంతు మార్చి.

"కింద బిగింపు నమ్మకం నేదు సార్. విప్పి సూపించమంటారా?"

విప్పాడు. క్లాంపు దవడలకి గ్రీజుతో నల్లగా అంటుకుపోయి ఉన్న రెండు అట్టముక్కలు ఊడి కింద పడ్డాయి. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది నాకు. ఆ అట్టముక్కలు నావే. అయిదారేళ్ళ క్రితం, క్లాంపు పళ్ళు దిగి పట్టీలు పాడైపోతున్నాయని, కొత్త పట్టీలు అడిగితే స్టోర్సు వాళ్ళు ఏడాది తిప్పించుకుంటారని, పాత రికార్డు అట్ట కత్తిరించి పట్టీకి రెండువైపులా పెట్టి బిగించాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. అట్ట మెత్తన కదా, దాంట్లో పట్టీ చివర కొంచెం కొంచెం తిరుగుతోంది. పూర్తి ఫిక్సూ కాదు, పూర్తి పిన్నూ కాదు, మధ్యలో. ఆ తర్వాత ఏ బ్యాచ్ వచ్చి తక్కువొస్తోంది మేడమ్ అన్నా, మీ చేతుల తప్పు, అరవై నాలుగు రాసుకోండి అన్నాను. అట్ట సంగతి పూర్తిగా మర్చిపోయాను.

"అట్టలు నేకుండా బిగిస్తాను సార్" అన్నాడు వెల్డరు. ఇనుముకి ఇనుము తగిలేలా బిగించాడు. స్పానరు మీద ఆయన చెయ్యి పడినప్పుడే తెలిసింది బిగింపంటే ఏమిటో. తిప్పాడు. నలభై ఆరు దాటింది, యాభై దాటింది. అరవై ఒకటి దగ్గర పట్టీ వంగింది. "అరవై ఒకటి!" అని నేను పైకే అనేశాను, అందరూ నా వైపు చూశారు.

బోర్డు మీద రెండు లెక్కలూ కట్టించాడు ఎక్స్‌టర్నల్. అట్టలతో పాయింట్ ఎనిమిది మూడు, అట్టల్లేకుండా పాయింట్ ఏడు రెండు. "పుస్తకంలో పాయింట్ ఏడు ఉంది కదా. మరి డిజైనుకి ఎంత తీసుకోమంటుంది ఉక్కు కట్టడాల కోడు?"

"పాయింట్ ఎనిమిది సార్."

"ఎందుకని?"

"ఏ బేసూ నూటికి నూరు బిగీదు సార్. ఎంతో కొంత తిరుగుతాది. అందుకని పొడుగు కొంచెం ఎక్కువే ఏసుకోమన్నారు."

"మరి నీ నలభై ఆరుకి పాయింట్ ఎనిమిది కూడా చాల్లేదే?"

"సాలదు సార్. పాయింట్ ఎనిమిది అన్నది బాగా బిగించినోడికి. అట్టలెట్టినోడికి కాదు."

ముసలాయన మొదటిసారి నవ్వాడు. అంతకుముందు వైవాలో నోరు పెగలని మనిషి ఇతనేనా అని నేను నోరు తెరిచి చూస్తున్నాను. తన చేతికి తెలిసిన సంగతి అడిగితే ఎవరికైనా నోరొస్తుంది. మేమే ఇన్నాళ్ళూ ఆయనకి తెలిసింది అడగలేదు.

అప్పుడు ఎక్స్‌టర్నల్ మిగతా రికార్డుల కట్ట దగ్గరికి లాక్కున్నాడు. ఒకటి తీశాడు, అరవై నాలుగు. ఇంకోటి, అరవై మూడున్నర. ఇంకోటి, అరవై నాలుగు. అన్నిటి కిందా నా ఎర్ర సంతకం.

"ఈ అట్టలు ఇందులో ఉండగా వీళ్ళందరికీ అరవై నాలుగు ఎలా వచ్చింది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వరండాలో తలుపు దగ్గర నిలబడ్డ పందొమ్మిది మందీ నేల చూపులు చూశారు. మీరే చెప్పండి అన్నట్టు ఆయన వాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళు చెప్పరని నాకు తెలుసు. రేపు మళ్ళీ నా దగ్గరికే రావాలి కదా. నేనూ ఒక్క మాట అనకుండా ఊరుకుంటే పిల్లలు కాపీ కొట్టారని ఆయన అనుకునేవాడు, నా మీదకి వచ్చేది కాదు. అలా ఊరుకుందామనుకోలేదని చెప్పను. అనుకున్నాను, ఒక్క క్షణం. ఆ క్షణంలోనే వెల్డరు నా వైపు చూడకుండా అట్టముక్కలు ఏరి బెంచీ మీద పెట్టడం కనిపించింది. అవి ఎవరివో ఆయనకి ఎప్పుడో తెలిసే ఉంటుంది. చెప్పలేదు.

"నేనే రాయమన్నానండి" అన్నాను. "అట్టలూ నేనే పెట్టాను. వీళ్ళ తప్పు లేదు."

మాట బయటికొచ్చాక, ఆశ్చర్యం, కోపం రాలేదు. హాయిగా ఉంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎన్నేళ్ళ నుంచి?" అన్నాడు.

"అయిదారేళ్ళ నుంచండి."

"ఊఁ." అంతే అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "పందొమ్మిది మందీ ఇప్పుడే మళ్ళీ చెయ్యాలి. నేను అయిదింటి దాకా ఉంటాను. ఇంక ఆ టీ ఏదో ఇప్పించమ్మా" అన్నాడు. వెల్డరు మార్కుల గళ్ళో ఏదో రాసి, ఆ కాగితం నా వైపు తిప్పాడు. యాభైకి నలభై నాలుగు. మా ల్యాబులో ఆ ఏడాది ఎవరికీ అంత పడలేదు.

నేను వెల్డరుతో పాసయ్యారండీ అన్నాను. అండీ అన్న మాట దానంతటదే నోటికొచ్చింది. ఆయన చేతులు జోడించబోయి, చేతిలో స్పానరు ఉండటం చూసుకుని, దాన్ని బెంచీ మీద పెట్టి బయటికి నడిచాడు.

టీ చెప్పడానికి నేనూ వెనకాలే వరండాలోకి వెళ్ళాను. స్తంభం పక్కన నిలబడి ఫోన్ చేస్తున్నాడు. అటువైపు వాళ్ళావిడ అని వెంటనే తెలిసింది. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒసే, పాసయిపోనాను" అన్నాడు. అవతల ఆవిడ ఏదో అడిగింది. ఆయన నవ్వాడు.

"నేదే. అంకె మార్సనేదు."